విషయం: మా క్లినిక్ తరఫున న్యూస్‌లెటర్ పంపడానికి కావలసిన డీఎన్ఎస్ రికార్డుల వివరాలు

సాంకేతిక సహాయ విభాగం వారికి,

నమస్కారం. మా న్యూస్‌లెటర్ తొలి సంచిక వచ్చే నెల మొదటి సోమవారం సుమారు 4,200 మంది రోగులకు వెళ్లాలి. ఈలోగా మా డీఎన్ఎస్‌లో ఏయే రికార్డులు చేర్చాలో రాతపూర్వకంగా తెలపండి. మీ సెటప్ పేజీ మా డీఎన్ఎస్ ఖాతాలోకి లాగిన్ అడుగుతోంది. అది ఇవ్వలేము, రికార్డులు మేమే చేర్చుకుంటాం.

గత గురువారం సిబ్బందిలో 12 మందికి ప్రయోగంగా పంపిన సంచిక అందరికీ స్పామ్‌లోకే వెళ్లింది. హెడర్ తెరిస్తే ఇలా ఉంది:

```
spf=pass dkim=pass dmarc=fail
```

మొదటి రెండూ నెగ్గి మూడోది ఎందుకు తప్పిందో మొదట బోధపడలేదు. చూడగా, ఆ రెండూ నెగ్గింది మీ డొమైన్ పేరు మీద. పంపినవారి చిరునామాలో ఉన్నది మా డొమైన్. మా డీమార్క్ రికార్డు ఇదీ:

```
v=DMARC1; p=quarantine; adkim=s
```

దీన్ని `p=none`కు సడలించమని మీ ప్రతినిధి ఫోనులో సూచించారు. కుదరదు. అపాయింట్‌మెంట్లు, పరీక్షల ఫలితాల గురించి రోగులకు మెయిళ్లు వెళ్లేది ఇదే డొమైన్ నుంచి. న్యూస్‌లెటర్ కోసం ఆ తలుపు తెరిచిపెట్టలేను.

అందుకే న్యూస్‌లెటర్‌ను `news` అనే సబ్‌డొమైన్ నుంచి పంపాలనుకుంటున్నాం. పంపినవారి చిరునామా కూడా దానిమీదే ఉంటుంది. మీ డీకిమ్ సంతకంలోని `d=` విలువ అచ్చంగా ఆ సబ్‌డొమైనే కావాలి. `adkim=s` ఉన్నందువల్ల ప్రధాన డొమైన్ పేరుతో సంతకం చేసినా చెల్లదు. సెలెక్టర్ పేరు ఏమిటి? కీని టీఎక్స్‌టీ రికార్డుగా ఇస్తారా, మీ వైపు చూపే సీనేమ్‌గానా? సీనేమ్ అయితే మాకు మేలు, కీ మార్చినప్పుడల్లా మమ్మల్ని అడగనక్కర్లేదు. టీఎక్స్‌టీ అయితే 2048 బిట్ల కీ 255 అక్షరాలు దాటుతుంది కనుక ముక్కలుగా ఎలా రాయాలో చూపండి.

తిరిగివచ్చే మెయిళ్ల చిరునామా, అంటే రిటర్న్ పాత్, మా సబ్‌డొమైన్ కింద పెట్టే వీలుందా? ఉంటే దాని రికార్డు పంపండి. ఎస్‌పీఎఫ్‌లో `include` కావాలంటే అది ఏ పేరు మీద ఉండాలో, ఎన్ని డీఎన్ఎస్ లుకప్‌లు తీసుకుంటుందో చెప్పండి. ప్రధాన డొమైన్‌లో పది పరిమితికి ఇప్పటికే ఎనిమిది వాడేశాం. ఇంకొక మాట: ఒకే పేరు మీద రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చమని మాత్రం చెప్పకండి. ఇదివరకు ఒకరి మాట విని అలా చేస్తే రెండూ చెల్లకుండా పోయి, రెండు రోజుల పాటు అపాయింట్‌మెంట్ మెయిళ్లు స్పామ్ పాలయ్యాయి.

లింకులను ఎవరు నొక్కారో లెక్కపెట్టే ట్రాకింగ్ రికార్డు తప్పనిసరా? కాకపోతే వద్దు. ఏ రోగి ఏ జబ్బు గురించి చదివారో మాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు.

ప్రతి రికార్డుకూ పేరు, రకం, విలువ అక్షరం పొల్లుపోకుండా ఈ శుక్రవారంలోగా పంపితే శనివారం చేర్చి, సోమవారం అదే 12 మందికి మళ్లీ పంపి చూస్తాం.

ఇట్లు,
క్లినిక్ మేనేజర్