అణువుల ఆకృతులు, సంకరీకరణం, బంధకోణాలు: ఆదివారం అభ్యాస పరీక్ష

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, రసాయన బంధం. 7 ప్రశ్నలు, 8 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు తీయరు. జవాబులు చూసే ముందు గడియారం చూడండి.

1. CH₄, NH₃, H₂O లలో బంధకోణాల సరైన క్రమం
1) H₂O > NH₃ > CH₄
2) CH₄ > NH₃ > H₂O
3) NH₃ > CH₄ > H₂O
4) మూడింటిలోనూ సమానం

2. NH₃ ఒక H⁺ ను తీసుకుని NH₄⁺ గా మారినప్పుడు నైట్రోజన్‌కు సంబంధించి మారనిది
1) ఆకృతి
2) బంధకోణం
3) ఒంటరి జంటల సంఖ్య
4) సంకరీకరణం

3. ఆకృతి ఒకటే, కేంద్ర పరమాణువు సంకరీకరణం వేరు. అలాంటి జత
1) CO₂, XeF₂
2) CO₂, SO₂
3) BF₃, NF₃
4) CH₄, NH₄⁺

4. NH₃ కంటే NF₃ లో బంధకోణం తక్కువ. కారణం
1) NF₃ లో నైట్రోజన్‌పై ఒంటరి జంట లేదు
2) NF₃ లో నైట్రోజన్ sp² సంకరీకరణంలో ఉంది
3) బంధ జంటలు ఫ్లోరిన్ వైపు జరగడంతో వాటి మధ్య వికర్షణ తగ్గింది
4) N–F బంధం అయానిక బంధం

5. ClF₃ లో రెండు ఒంటరి జంటలు ఉండే స్థానాలు, అణువు ఆకృతి
1) రెండూ అక్షంపై, సమతల త్రిభుజం
2) రెండూ మధ్య తలంలో, T ఆకృతి
3) ఒకటి అక్షంపై, ఒకటి మధ్య తలంలో, పిరమిడ్
4) రెండూ మధ్య తలంలో, పిరమిడ్

6. వాయుస్థితిలోని PCl₅ లో పొడవైన బంధాలు
1) అక్షంపై ఉన్న రెండు
2) మధ్య తలంలోని మూడు
3) అయిదూ సమానం
4) ఒక్కటి మాత్రమే

7. ద్విధ్రువ భ్రామకం సున్నా అయినది
1) SF₄
2) ClF₃
3) NF₃
4) XeF₄

జవాబులు, వివరణ

1 – (2). 109.5°, 107°, 104.5°. మూడింటిలోనూ కేంద్ర పరమాణువు sp³ అని గుర్తొచ్చి నాలుగో జవాబు పెట్టిన వారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బంధ జంటను రెండు కేంద్రకాలు పట్టి ఉంచుతాయి. ఒంటరి జంటను ఒకటే పట్టి ఉంచుతుంది కాబట్టి అది ఎక్కువ చోటు ఆక్రమించి పక్కవాటిని నెడుతుంది. CH₄ లో ఒంటరి జంట లేదు, NH₃ లో ఒకటి, H₂O లో రెండు.

2 – (4). జంటలు ముందూ నాలుగే, తర్వాతా నాలుగే. ఒంటరి జంట బంధ జంట అయింది. దాంతో పిరమిడ్ చతుర్ముఖిగా మారింది, కోణం 109.5° కు పెరిగింది.

3 – (1). ఇక్కడ లెక్క చేతితో వేయాలి. కేంద్ర పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్లకు చుట్టూ ఉన్న ఏకసంయోజక పరమాణువుల సంఖ్య కలపండి. ధనావేశం ఉంటే తీసేయండి, రుణావేశం ఉంటే కలపండి. వచ్చినదాన్ని రెండుతో భాగించండి.

XeF₂: (8 + 2)/2 = 5, అంటే sp³d. రెండు బంధ జంటలు, మూడు ఒంటరి జంటలు. ఆ మూడూ మధ్య తలంలో కూర్చుంటాయి, ఫ్లోరిన్‌లు పైనా కిందా నిలుస్తాయి. ఆకృతి రేఖీయం.
CO₂: ఆక్సిజన్ ఏకసంయోజకం కాదు, దాన్ని కలపకూడదు. 4/2 = 2, sp. ఇదీ రేఖీయమే.

ఆకృతికి పేరు పెట్టేటప్పుడు పరమాణువులను మాత్రమే చూస్తాం, సంకరీకరణానికి ఒంటరి జంటలనూ లెక్కిస్తాం. ఈ పాఠంలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే పోతాయి. నాలుగో జతలో రెండూ sp³, రెండూ చతుర్ముఖులే. ప్రశ్నను సగమే చదివిన వారికి అది వల.

4 – (3). NF₃ లో కోణం సుమారు 102°. దీన్ని సూత్రంలా బట్టీ పట్టి PH₃, PF₃ లకు వాడకండి, అక్కడ తిరగబడుతుంది: PH₃ లో 93.5°, PF₃ లో దాదాపు 98°. ఫ్లోరిన్ ఒంటరి జంటలు ఫాస్ఫరస్ వైపు కొంత వాలి P–F బంధానికి పాక్షిక ద్విబంధ స్వభావం ఇస్తాయని, దానివల్ల బంధ జంటల మధ్య వికర్షణ పెరుగుతుందని వివరిస్తారు. రెండు జతలనూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.

5 – (2). (7 + 3)/2 = 5. అక్షంపై కూర్చుంటే 90° దూరంలో మూడు జంటలు ఎదురవుతాయి, మధ్య తలంలో అయితే రెండే. ఎక్కువ చోటు కావాల్సిన ఒంటరి జంట సహజంగా మధ్య తలాన్నే ఎంచుకుంటుంది. కోణం కూడా 90° కాదు, 87.5° కు కుంగుతుంది.

6 – (1). పై ప్రశ్నలోని కారణమే. ఘనస్థితి అని ఉంటే జవాబు మారుతుంది: అక్కడ ఉండేవి PCl₄⁺, PCl₆⁻ అయాన్లు.

7 – (4). (8 + 4)/2 = 6, sp³d². రెండు ఒంటరి జంటలు ఎదురెదురుగా ఉంటాయి, నాలుగు ఫ్లోరిన్‌లు సమతల చతురస్రంలో ఉంటాయి, బంధ భ్రామకాలు పరస్పరం రద్దవుతాయి. SF₄ ను చూడగానే CF₄ లాంటిదే అనుకోకండి. సల్ఫర్‌పై ఒక ఒంటరి జంట ఉంది, అందువల్ల అది పార్కులో పిల్లలు ఎక్కే తూగుడు బల్లలా ఉంటుంది.