విశాఖ చేపల రేవు పట్టుబడి డేటా నిఘంటువు: రెండో ముసాయిదాపై సమీక్ష

డేటా బృందం మిత్రులకు,

మీరు పంపిన ముసాయిదాను 2016 నుంచి 2024 వరకు ఉన్న పట్టుబడి పట్టిక పక్కన పెట్టుకుని చదివాను. 48 కాలమ్‌లలో సగానికి పైగా వివరణలు సూటిగా ఉన్నాయి. పడవ రిజిస్ట్రేషను, రేవుకు చేరిన తేదీ, వేలం ధర వంటి పద్దులను ఎవరు చదివినా ఒకే అర్థం తీస్తారు. వాటిని కదపవద్దు. మిగిలిన వాటి గురించే ఈ ఉత్తరం. ఈ నిఘంటువు రేపు విశాఖ రేవు చూడని పరిశోధకుల చేతికి వెళ్తుంది. అనుమానం వస్తే అడగడానికి వాళ్ళ పక్కన మనం ఉండం. ప్రతి పద్దునూ వాళ్ళ స్థానంలో ఉండి చదివాను.

అన్నిటికంటే ముందు సరిచేయాల్సినవి `lat`, `lon`. వివరణలో "పడవ అక్షాంశం", "పడవ రేఖాంశం" అని ఉంది, అంతే. 2019కి ముందు వరుసల్లో చుక్క తర్వాతి రెండంకెలు ఒక్కచోట కూడా 59 దాటలేదు. అన్ని వేల వరుసల్లో ఇది కాకతాళీయంగా జరగదు. అప్పట్లో 17 డిగ్రీల 41 నిమిషాలను 17.41 అని ఎక్కించారని దీన్నిబట్టి తెలుస్తోంది. 2019 నుంచి 17.68, 17.93 వంటి విలువలు వస్తున్నాయి. ఇవి దశాంశ డిగ్రీలు. 17 డిగ్రీల 41 నిమిషాలు దశాంశంలో 17.683 అవుతుంది. దాన్ని 17.41గా చదివితే ఆ చోటు దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. రేఖాంశంలో కూడా 83 డిగ్రీల 18 నిమిషాలు 83.18గా మారితే, మన రేవు దగ్గరి బిందువు పూడిమడక వైపు సముద్రంలో తేలుతుంది. నేల మీద పడి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నీళ్ళలోనే పడుతుంది కాబట్టి పటం సవ్యంగానే కనిపిస్తుంది. నన్ను భయపెట్టేది ఇదే. పాత వరుసలను మార్చి రాయాలా, ఉన్నవి ఉన్నట్టు ఉంచి ఏ ఏడాది వరకు ఏ పద్ధతో చెప్పాలా అన్నది మీ నిర్ణయం. చెప్పకుండా మాత్రం వదలవద్దు. అది వల వేసిన చోటా, తీసిన చోటా, లేక రేవా అన్నది కూడా రాయండి. చాలా వరుసల్లో రేవు స్థానమే ఉంది.

`depth` విషయంలోనూ ఇదే ధోరణి. నిఘంటువులో "మీటర్లు" అని ఉంది. కానీ 2018 దాకా విలువలు 8 నుంచి 60 మధ్య ఉండి, ఆ తర్వాత అవే ట్రాలర్లకు 15 నుంచి 110 అయ్యాయి. పడవలు ఒక్కసారిగా లోతుకు వెళ్ళాయని ఎవరైనా వ్యాసం రాసేస్తారు. సరంగులు లోతును బారల్లో చెబుతారు. బార అంటే ఆరడుగులు, అంటే 1.83 మీటర్లు. రెండు కాలాల విలువల నిష్పత్తి దానికి దగ్గరగానే ఉంది. నా ఊహ సరైనదే అనిపిస్తోంది, అయినా ఊహ మీద యూనిట్ మార్చకండి. అప్పటి ఫారాలు తీసి చూడండి, లేదా అప్పట్లో లెక్కలు రాసిన వారిని అడగండి.

`eng_pwr` కిలోవాట్లని ఉంది. అందులో 9.9 అనే విలువ పదేపదే వస్తోంది. అది నాటు పడవలకు బిగించే అవుట్‌బోర్డు మోటారు హార్స్‌పవర్. యూనిట్ సరిదిద్దితే చాలు.

`catch_wt` పద్దు మొత్తం తిరగరాయాలి. వివరణలో కిలోలు, ఉదాహరణలో "1.2", క్షేత్ర ఫారంలో బుట్టలు. వంజరం వరుసల్లో 1.2 అంటే ఒక చేప బరువా, టన్నులా? బుట్టను కిలోలుగా మార్చడానికి ఏ లెక్క వాడారో ఎక్కడా లేదు. కవళ్ళ బుట్టా, రొయ్యల బుట్టా ఒకే బరువు తూగవు. ఐసు తీసేసి తూచారా, రొయ్యలు తలతోనా తల తీశాకా అన్నది కూడా తెలియాలి. ఈ ఒక్క కాలమ్ నుంచే మొత్తం పట్టుబడి అంచనాలు వస్తాయి, కాబట్టి ఇక్కడ ఎంత రాసినా ఎక్కువ కాదు.

`effort` కు నిర్వచనమే లేదు. గంటలా, రోజులా, వల లాగిన సార్లా? ఇది తేలేదాకా ఒక యూనిట్ శ్రమకు ఎంత పట్టుబడి అన్న లెక్క ఎవరూ వేయకూడదు. `flag2`, `rem_x`, `grp_old` వివరణలు కూడా ఖాళీగానే ఉన్నాయి. `grp_old` లో 2017 తర్వాత ఒక్క విలువా లేదు. వాడుకలో లేదని రాసి ఉంచండి, తొలగించవద్దు.

ఇక కోడ్‌లు. `craft_cd` లో 1, 2, 3, 9 ఉన్నాయి, అర్థాలు లేవు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర, మోటారు పడవలకు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో పట్టికలో 3 తప్ప మరొకటి కనిపించలేదు. 2020లో మాత్రం జూన్ మొదటి రోజుల్లోనే 1, 2 వచ్చాయి. ఆ ఏడాది నిషేధం మే 31తోనే ముగిసింది కాబట్టి ఇది కూడా పొసగుతోంది. 3 అంటే మోటారు లేని పడవ అని దాదాపుగా తేలినట్టే. 1, 2లలో ఏది ట్రాలరో, ఏది మోటారు పడవో మీరే చెప్పాలి. 9 అంటే "ఇతర" రకమా, "నమోదు కాలేదు" అనా? ఈ రెండూ కలిసిపోతే పడవల శాతాలన్నీ తప్పుతాయి.

జాతుల కాలమ్ `sp_cd` లో రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. కొన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ మూడక్షరాల కోడ్‌లు: వంజరానికి COM, కానాగంతకు RAG. మిగతావి V12, V31 వంటి స్థానిక కోడ్‌లు. V31 ధరలు చూస్తే చందువ అనిపిస్తోంది కానీ ధర చూసి జాతిని నిర్ణయించలేం. ప్రతి కోడ్‌కు శాస్త్రీయ నామం, రేవులో పిలిచే పేరు ఉన్న పట్టిక అనుబంధంగా కావాలి.

పట్టుబడి లేకపోతే 0, తూచకపోతే ఖాళీ, తెలియకపోతే -9 అని అనుకుంటున్నాను. పట్టికలో మూడూ ఉన్నాయి, నిఘంటువులో ఏదీ లేదు. సగటు తీసేటప్పుడు -9 బరువుగా లెక్కలోకి వెళ్ళిపోతుంది.

ప్రతి పద్దూ కనీసం ఈ పాటి వివరంగా ఉండాలని కోరుతున్నాను. ఇందులోని యూనిట్, కాలం వివరాలు మీరు నిర్ధారించాకే ఖాయం చేయండి:

```
column:   depth
అర్థం:     వల వేసిన చోట నీటి లోతు
యూనిట్:   2018-12-31 వరకు బారలు; తర్వాత మీటర్లు
మార్పు:    1 బార = 1.83 మీ.
ఆధారం:    సరంగు చెప్పినది / ఎకో సౌండర్
లేని విలువ: -9 = తెలియదు
```

పాత కోడ్‌లు తెలిసినవారు మీ దగ్గర ఇద్దరు ముగ్గురే మిగిలారని విన్నాను. వారిలో ఒకరు ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారట. `craft_cd`, `sp_cd`, `catch_wt` బుట్టల లెక్క, ఈ మూడింటికీ ఆయనతో కూర్చుని జవాబులు రాయించుకోండి. వీలైతే రేవులోనే, వేలం పాట ముగిశాక, పాత ఫారాలు ముందు పెట్టుకుని కూర్చోండి. మిగతా సవరణలు వచ్చే నెలలో చేసినా ఫరవాలేదు.

ఈ ముసాయిదాను ఇప్పుడున్న రూపంలో బయటకు ఇవ్వవద్దని నా సిఫారసు. `lat`, `lon`, `depth`, `catch_wt`, `craft_cd` పద్దులు తేలాక పంపితే, పట్టికతో మళ్ళీ సరిపోల్చి రెండు రోజుల్లో తిరిగి ఇస్తాను.

ఇట్లు,
సమీక్షకుడు, విశాఖపట్నం