నెల్లూరు జిల్లాకు రెండు రోజులు జంట హెచ్చరిక: పగలు వడగాడ్పు, సాయంత్రం పిడుగుల వాన

నెల్లూరు, మే 18: మంగళ, బుధవారాల్లో జిల్లాలో పగలు వడగాడ్పులు వీస్తాయి. సాయంత్రం ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి ఉంటాయి. ఎండకు భయపడి పొలం పనిని సాయంత్రానికి జరుపుకోవడం మనకు అలవాటు. ఈ రెండు రోజులు ఆ అలవాటే ప్రమాదం. కోతైనా, మందు కొట్టడమైనా తెల్లవారుజామున మొదలుపెట్టి పదిన్నరకల్లా గట్టెక్కాలి.

నెల్లూరులో మే నెల సాధారణ గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. తీర ప్రాంతంలో ఎండ కనీసం 37 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. ఎక్కడైనా 45 దాటితే తేడా లెక్క చూడకుండానే వడగాడ్పు కింద ప్రకటిస్తారు. ఈ అంకెలన్నీ నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటరువి. రేకుల షెడ్డు కింద, తారురోడ్డు మీద, నడి చేలో ఒంటికి తగిలే వేడి అంతకంటే ఎక్కువే.

మామూలుగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి కాస్త ఊరట దొరుకుతుంది. ఇప్పుడు పడమటి గాలి బలంగా ఉంది కాబట్టి ఆ గాలి ఆలస్యంగా వస్తుంది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు అసలు చేరకపోవచ్చు. అది తిరిగాక కోవూరు, ఇందుకూరుపేట లాంటి చోట్ల డిగ్రీలు తగ్గినా ఉక్కపోత పెరుగుతుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరు తగ్గింది కదా అని పనిలోకి దిగొద్దు.

ఎండలో పని తప్పనివాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీడకు చేర్చి బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

ఇక వాన సంగతి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. మీ ఊళ్లో చినుకు రాలకపోవచ్చు, పక్క ఊళ్లో కళ్లం కొట్టుకుపోవచ్చు. ‘మోస్తరు వర్షం’ అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. అందులో 40 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు సుమారు లక్షా అరవై వేల లీటర్లు. అదంతా గంటలో కురిస్తే కాలువలు పట్టవు.

రోడ్ల మీద ధాన్యం ఆరబోసినవాళ్లు మూడు గంటలకల్లా రాశి చేసి పట్ట కప్పాలి. పట్టకు నాలుగు మూలలా ఇసుక బస్తాలు పెట్టాలి, రాళ్లు చాలవు. నీళ్లు అడుగు నుంచి కూడా వస్తాయి కాబట్టి రాశి చుట్టూ జానెడు కాలువ తీయాలి. కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ఒక్కసారి తడిస్తే రెండు రోజుల ఎండబెట్టే కష్టం మళ్లీ మొదటికొస్తుంది. కోసిన పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే గింజ మొలకెత్తడం తగ్గుతుంది.

పొదలకూరు వైపు నిమ్మ రైతులు కోతకొచ్చిన కాయలు ఉదయమే దించుకోవాలి. సాయంత్రం మందు కొడితే వానకు కడిగేసుకుపోతుంది. రొయ్యల చెరువుల్లో వాననీరు ఉప్పునీటి మీద పొరలా నిలిచి అడుగున ఆక్సిజన్ పడిపోతుంది. జల్లు మొదలవగానే ఏరియేటర్లు తిప్పాలి, ఆ పూట మేత తగ్గించాలి. కరెంటు పోతుంది కనుక జనరేటరులో డీజిల్ ఇవాళే చూసుకోండి.

పడమట వెలిగొండల పైన నల్లమబ్బు లేచిందంటే చేను వదిలేయాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు పది కిలోమీటర్లలోపు ఉన్నట్టే. చెట్టు కిందకు, రేకుల పందిరి కిందకు వెళ్లొద్దు. పక్కా ఇల్లు గానీ, అద్దాలు మూసిన కారు గానీ మేలు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయటకు రావాలి. పశువుల్ని చెట్టుకు కట్టేసి ఉంటే మధ్యాహ్నమే విప్పి కొట్టంలోకి తోలండి.