అమెరికా కుక్కర్ రేటింగ్ ప్లేటు: ఫోటోకు తెలుగు, దేవరకొండ ఇంటి కరెంటుకు వివరణ

వస్తువు: అమెరికా నుంచి తెచ్చిన ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్. ఫోటోలు రెండు. ఒకటి కుక్కర్‌ను బోర్లించి అడుగున ఉన్న వెండి రంగు ప్లేటుకు తీసింది, రెండోది ప్లగ్గుకు. ప్లేటు మీద ఫ్లాష్ వెలుగు పడి సీరియల్ నంబరు చెదిరింది, దానితో పని లేదు. మిగతా అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ప్లేటు మీద ఉన్నది తెలుగులో:

విద్యుత్ ప్రెషర్ కుక్కర్
120 వోల్టులు ~ 60 హెర్ట్జ్ 1000 వాట్లు
సామర్థ్యం: 6 క్వార్టులు
పని చేసే ఒత్తిడి: 70 కిలోపాస్కల్
ఇంటి వాడకానికి మాత్రమే
నీళ్లలో ముంచరాదు
ఎర్త్ ఉన్న సాకెట్‌కు మాత్రమే కలపాలి
శుభ్రం చేసే ముందు ప్లగ్గు తీయాలి
విప్పరాదు. వాడేవారు బాగుచేసుకోగల భాగాలు లోపల లేవు
చైనాలో తయారైంది

రెండో వరుసే అసలు సంగతి. సెల్‌ఫోన్ ఛార్జర్ల మీద 100–240 వోల్టులు అని ఉంటుంది. అలాంటిది ఏ దేశంలోనైనా నడుస్తుంది. ఇక్కడ ఒక్క 120 మాత్రమే ఉంది. మన ఇంట్లో వచ్చేది 230. పక్కనున్న అల గుర్తు ఏసీ కరెంటు అని చెబుతుంది.

దీన్ని నేరుగా మన సాకెట్లో పెడితే ఏమవుతుందో లెక్క చూడండి. హీటర్ నిరోధం 120 × 120 ÷ 1000 = 14.4 ఓములు. 230 వోల్టులు తగిలితే 230 × 230 ÷ 14.4, అంటే దాదాపు 3,670 వాట్లు, 16 ఆంపియర్లు. వోల్టేజీ రెండింతలకు కాస్త తక్కువే అయినా వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. చాలాసార్లు హీటర్ కంటే ముందు డిస్‌ప్లే వెనకున్న బోర్డే టప్పుమని పోతుంది. ఇప్పటికే ఎవరైనా అలా పెట్టి చూసి ఉంటే, మళ్లీ పెట్టకండి. రిపేరుకు ఇస్తే థర్మల్ ఫ్యూజును తీసేసి రెండు వైర్లు కలిపే పని మాత్రం చేయించవద్దు. గిన్నె మాడిపోయినప్పుడు మంట రాకుండా చివరికి ఆపేది అదే.

ప్లగ్గు ఫోటోలో రెండు చదును రేకులు, ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను ఉన్నాయి. చవకగా దొరికే అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు. ఇంట్లో ఫ్రిజ్ స్టెబిలైజర్ ఉందంటే అదీ పనికిరాదు, అది ఇచ్చేది కూడా 230 చుట్టూనే. ప్లగ్గు కోసి మన మూడు పిన్నుల టాప్ బిగించడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. అమెరికా వైర్లలో నల్లది ఫేజు, తెల్లది న్యూట్రల్. మన పాత వైరింగులో నల్లదే న్యూట్రల్, కాబట్టి తారుమారు అవడం తేలిక. పైగా మన టాప్ ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు గోడ సాకెట్లోనే పెడతారు.

కావలసింది 230 నుంచి 110కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 2000 వీఏ. వీఏ అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క, ఇలాంటి హీటర్‌కు అది వాట్లతో సమానమే. 120 వోల్టులిచ్చేది కూడా అమ్ముతారు, కానీ 110 తీసుకోండి. కారణం మన లైనే. రాత్రి లోడు తగ్గి ఇంట్లో 255 వస్తే, 110ది ఇచ్చేది 122 వోల్టులు, అది కుక్కర్ ఓర్చుకుంటుంది. 120ది అయితే 133 దాకా పోతుంది, హీటర్ మీద 1,200 వాట్లు దాటుతాయి. మామూలు 230 దగ్గర 110ది మీద కుక్కర్ 840 వాట్లే లాగుతుంది. వంట కొంచెం నిదానం, అంతే. బోరు మోటార్లు నడిచే వేళ లైన్ 190కి పడితే మాత్రం 575 వాట్లకు దిగుతుంది. అప్పుడు ఒత్తిడి అందడం ఆలస్యమై కుక్కర్ చాలాసేపు "వేడెక్కుతోంది" దశలోనే ఉంటుంది. అది పాడవడం కాదు.

వెయ్యి వాట్లకు రెండు వేల వీఏ ఎందుకంటే, మన ఎండాకాలంలో వంటింటి వేడే 40 డిగ్రీలు దాటుతుంది. వెయ్యి వీఏది నిండు లోడు మీద కాలిపోయే దారిలోనే ఉంటుంది. కొనేటప్పుడు రెండు అడగండి. ఒకటి, నిరంతర లోడుకు 2000 వీఏ అని దాని ప్లేటు మీద రాసి ఉండాలి. కొన్నింటి మీద క్షణకాలం ఓర్చుకునే అంకెనే పెద్దగా వేస్తారు. రెండు, వేరువేరు చుట్లున్న ఐసోలేషన్ రకమేనా అన్నది. ఒకే చుట్టతో చేసిన ఆటో రకం చవక, కానీ అందులో కింది చుట్ట తెగితే 230 మొత్తం కుక్కర్‌కు వస్తుంది. తేలికగా అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు వద్దు, అవి కరెంటు అలను ముక్కలు చేసి ఇస్తాయి, డిస్‌ప్లే ఉన్న వస్తువుల బోర్డులు వాటితో పాడవుతాయి.

ఇక 60 హెర్ట్జ్. మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. ఈ కుక్కర్‌కు ఆ తేడా పట్టింపు లేదు, ఎందుకంటే లోపల పని చేసేది హీటర్. ఒకవేళ టైమర్ కరెంటు అలలను లెక్కపెట్టే రకమైతే గంట అన్నది 72 నిమిషాలు పడుతుంది. చేతి గడియారంతో ఒకసారి సరిచూసుకోండి. ఇదే ప్లేటు అమెరికా మైక్రోవేవ్ మీద ఉంటే వాడొద్దనే చెప్పేవాళ్లం, 60కి చేసిన దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద వేడెక్కి కాలుతుంది. అదే కారణంగా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా 50 హెర్ట్జ్‌కు చేసినదే అయి ఉండాలి.

ఎర్త్ విషయంలో ప్లేటు ఊరికే హెచ్చరించలేదు. కుక్కర్ ఒళ్లంతా స్టీలు. ఎలక్ట్రీషియన్‌తో వంటింటి 16 ఆంపియర్ల సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. ఫేజు నుంచి న్యూట్రల్‌కు ఎంతుందో, ఫేజు నుంచి ఎర్త్‌కూ దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మన రాతి నేలలో ఎర్త్ గుంత ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోతుంది, వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ ఎర్త్ పిన్ను నుంచి అవుట్‌పుట్ ఎర్త్ రంధ్రం దాకా వైరు కలిసి ఉందో లేదో కూడా అదే మీటరుతో చూడమనండి. కొన్నింటిలో ఆ రంధ్రం ఉత్తదే.

మొదటిసారి బియ్యం పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఆన్ చేసి అవుట్‌పుట్ కొలవండి, లోడు లేకుండా 110 కంటే కొంచెం ఎక్కువే చూపుతుంది. తర్వాత కుక్కర్ గిన్నెలో లీటరు నీళ్లు పోసి మరిగించండి. లెక్క ప్రకారం ఆరు నిమిషాలు, గిన్నె వేడి, బయటికి పోయే వేడి కలిపి ఎనిమిది నుంచి పది. ఇరవై దాటితే లైన్ వోల్టేజీ చూడండి. పావుగంట తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు తాకండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ వదులైంది. కుక్కర్‌కూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, అక్కడ నడిచేది ఏడున్నర ఆంపియర్లకు పైనే. ఇంటి ఇన్వర్టర్ మీద కూడా వద్దు.

మిగిలిన రెండు అంకెలు వంటకు సంబంధించినవి. 6 క్వార్టులంటే 5.7 లీటర్లు. 70 కిలోపాస్కల్ ఒత్తిడి మన విజిల్ కుక్కర్ కంటే తక్కువ, అందులో దాదాపు 100 ఉంటుంది. కందిపప్పు, మటన్ అందులో కంటే ఎక్కువసేపు పడతాయి. విజిల్స్ లెక్కించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద, కుక్కర్ తీగ చివరన అంటించడానికి చీటీ:

"ఈ కుక్కర్ 120 వోల్టుల వస్తువు. గోడ సాకెట్లో పెట్టొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలోనే పెట్టాలి. కడిగే ముందు ప్లగ్గు తీయాలి. అడుగు భాగం తడపొద్దు."