ఏడుపొస్తలేదన్నవ్ గద, రజితా

రజితా, రాత్రి ఫోన్ల "బాపు పోయి తొమ్మిదొద్దులైంది, కంట్ల చుక్క రాలే, నేను మనిషినేనా" అన్నవ్. నీ పక్కన చుట్టాలున్నరని ఎక్కువ మాట్లాడలే. తీరినప్పుడు ఇది చదువు. జవాబు రాయకున్నా ఏమనుకోను.

ఏడుపు రాకపోవుడు ప్రేమ లేకపోవుడు కాదు. ఇరవై రోజులు ఎంజీఎం దవాఖాన వరండాల నిద్రలేక తిరిగినవ్. ఇంటికి తెచ్చినంక బాపు పోతే పాడె సామాను, ఫోన్లు, వచ్చినోళ్లకు చాయ్, అవ్వకు బీపీ గోలి, అన్నీ నీ మీదనే పడ్డయ్. అసొంటప్పుడు మనసు మొద్దుబారి ఒళ్లును నడిపిస్తది. మొదటి రోజుల్ల, వారాల్ల చానామందికి ఇట్లనే అయితది. పదకొండొద్దులై, షామియానా తీసి, అందరు వెళ్లినంక ఒక్కసారి తగులొచ్చు. దండెం మీది ఆయన తువ్వాల చూసో, అలవాటుకొద్ది ఒక కప్పు చాయ్ ఎక్కువ పోసో. కొందరికైతే కన్నీళ్లే రావు. చికాకు, మతిమరుపు, ఒళ్లు బరువు... అది గూడ దుఃఖమే.

ఏడుపు తెచ్చుకుందామని బాపు వీడియోలు ముంగటేసుకొని కూసోకు. రాకపోతే ఇంకింత తప్పు చేసినట్టనిపిస్తది. చిన్నమ్మ "గుండె రాయి చేసుకున్నది" అంటే వాదన వద్దు. "నాకింకా మనసుకెక్కలే చిన్నమ్మా" అని లేచి లోపలికి పో.

ఆకలైతదని చూడకు, ఇప్పుడది తెలువదు. గడియారం చూసి మూడు పూటలు గ్లాసెడు జావనో, నాలుగు ముద్దల పెరుగన్నమో తిను. అంతా కల లెక్క, దూరంగ అనిపిస్తే చల్లనీళ్లతోని మొఖం కడుక్కొని, ఒట్టి కాళ్లతోని బండల మీద నిలబడి, కండ్లకు కనవడే 5 వస్తువుల పేర్లు మెల్లగ అను. నిద్ర పడ్తలేదని అవ్వ మందుల డబ్బలకెళ్లి గోలి తీసుకోకు. ఇంకోటి: మొద్దుబారుడంటే మనసు సంగతి. చెయ్యి, కాలు ఒక్కదిక్కే నిజంగ తిమ్మిరెక్కినా, మాట తడబడినా ఆగకుండ 108కి చెయ్యాలె.

ఒకటి సూటిగ అడుగుత. "నేను గూడ పోతే మంచిగుండు" అని లోపల అనిపిస్తున్నదా? అనిపిస్తే ఎంత రాత్రైనా నాకు చెయ్యి. నాకు చెప్పబుద్ధి కాకుంటే 14416కి చెయ్యి. మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలి మానస్ అది, పైసలు పడయి, తెలుగుల మాట్లాడుతరు. వారాలు గడిచినా తిండి, నిద్ర, పని ఏదీ దారిల పడకుంటే డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం.

కాగితాల రంది పెట్టుకోకు. ఇంట్ల పోయినరు గాబట్టి 21 రోజుల్లోపల కార్పొరేషన్ల నమోదు చేయించాలె, ఇంకా టైముంది. బాపు ఆధార్, దవాఖాన చీటీలు ఒక కవర్ల పెట్టియ్యి, సోమవారం నీతో వస్త.

రేపు పొద్దుగాల ఆరున్నరకు జావ తీసుకొని వస్త. నువ్వు మాట్లాడాలని లేదు, ఏడ్వాలని గూడ లేదు. నేను బోళ్లు తోముకుంట కూసుంట. గడియ మాత్రం తీసిపెట్టు.