లైటు తీసి తలుపు

ఆదివారం వస్తానని ఉత్తరం రాసినవాడు శుక్రవారం మధ్యాహ్నమే దిగాడు వీర్రాజు. తాడేపల్లిగూడెం స్టేషన్ నుంచి ఆటో కూడా ఎక్కకుండా మాధవరం దాకా నడిచొచ్చాడు. 1999 సెప్టెంబరు నెలాఖరు. సార్వా చేలు పచ్చగా ఉన్నాయి, ఊళ్ళో గోడల నిండా ఎన్నికల రాతలు.

తాతల కాలం నుంచీ ఇంటికొకరు మిలిటరీలో ఉన్న ఊరు మాధవరం. సెలవు మీద వచ్చినవాణ్ణి ఏమీ అడక్కూడదని ఇక్కడ కోడళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, చూసి నేర్చుకుంటారు. సత్యవతి కూడా అడగలేదు. బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు, ఊరుకుంది. గుమ్మంలోనే ఆగి పెరడు వైపు, మేడ మెట్ల వైపు చూసి గానీ బూట్లు విప్పలేదు. విప్పినవి కూడా ముక్కులు వాకిలి వైపు ఉండేలా పెట్టాడు, లేచిన వెంటనే కాళ్ళు దూర్చడానికి వీలుగా.

అత్తగారు కొర్రమీను పులుసు పెట్టారు. ఆవిడ రెండోసారి గరిట ముంచేలోపు కంచం ఖాళీ. "నెమ్మదిగా తినరా నాయనా, ఎవరు తరుముతున్నారు?" అన్నారు. వీర్రాజు తలెత్తలేదు. ఒక్క గ్లాసు నీళ్ళతో చెయ్యి, మూతి, కంచం మూడూ కడిగేశాడు. అడుగున మిగిలిన గుక్కెడూ తాగాడు. పెరట్లో బోరింగు ఉంది, అటు పోలేదు.

రాత్రిళ్ళు సత్యవతికి నిద్ర పట్టేది కాదు. ఫ్యాను తిరుగుతున్నా ఒళ్ళంతా చెమట పట్టే ఉక్క. ఆ ఉక్కలో ఆయన లేచి చిట్టి మంచం దగ్గర కూర్చునేవాడు. పిల్ల కాలివేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని, చిటికెన వేలు దాకా నొక్కి చూసేవాడు. తర్వాత చెవులు, ముక్కు కొస. ఆరేళ్ళ పిల్ల, పగలంతా ఆడి ఆదమరిచి నిద్రపోతుంటే భుజం కుదిపేవాడు.

"చిట్టీ, పలుకమ్మా. ఒకసారి పలుకు."

"ఏంటి నాన్నా..."

"ఏం లేదు తల్లీ. పడుకో."

పలికాక దుప్పటి మెడదాకా కప్పేవాడు. ఆయన అటు తిరగ్గానే పిల్ల తన్నేసేది. మళ్ళీ గంటకి లేచేవాడు. నిద్ర చెడుతోందని సత్యవతికి చెప్పాలనిపించింది గానీ, పలికినప్పుడు ఆయన భుజాలు దిగడం చూసి మానేసింది.

ఓ రాత్రి ఎవరో తలుపు కొట్టారు. వీర్రాజు ముందు లైటు ఆర్పి, కాసేపు చీకట్లో నిలబడి, పక్కకి తప్పుకుని అప్పుడు గడియ తీశాడు. పక్కింటివాళ్ళు, మజ్జిగ తోడు కోసం వచ్చారు. అత్తగారు నవ్వారు.

"అచ్చం తండ్రి పోలికే! ఈ ఇంటికి కరెంటొచ్చిన దగ్గర్నుంచీ మీ మామగారూ ఇంతే. లైటు తీసి గానీ తలుపు తియ్యరు. బిల్లంటే అంత భయం ఈ మనిషికి."

మామగారు సుబేదారుగా రిటైరైన మనిషి. పేపరు మడిచి పక్కన పెట్టారు. వెలుగు వెనకాల ఉంటే గుమ్మంలో మనిషి ఎంత స్పష్టంగా కనబడతాడో సత్యవతికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ అత్తగారు పిసినారితనం అనుకున్నది అదన్నమాట. చెప్పాలా వద్దా అని ఆలోచించింది. చెప్పలేదు. ఆవిడ ఆ మాట నవ్వుతూ చెప్పుకోగలగడమే మేలనిపించింది.

తర్వాతి వారం పెంటపాడు నుంచి ఒకావిడ వచ్చింది, చేతిలో అరిసెల డబ్బాతో. వీర్రాజుతో పాటు ఉన్న కుర్రాడి తల్లి. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు, అరుగు మీదే చతికిలపడింది. కుర్రాడి పేరు ఎవరూ ఎత్తలేదు. చాలాసేపు మాట్లాడాక, మీ చేనుకి నీళ్ళు అందాయా, కాలవ ఎలా ఉంది అన్నట్టే అడిగింది.

"ఆ పూట అన్నం తిన్నాడా బాబూ?"

"తిన్నాడమ్మా. నా చేత్తో పెట్టాను. ఇంకా కావాలన్నాడు."

"వాడంతే. రెండోసారి అడగందే లేవడు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని డబ్బా మూత తీసింది. వీర్రాజు అరిసె తీసుకుని రెండు ముక్కలు చేశాడు. ఒకటి తిన్నాడు. రెండోది చాలాసేపు పక్కవైపు చాచిన చేతిలోనే ఉండిపోయింది. ఆవిడే దాన్ని అందుకుని నోట్లో వేసుకుంది. ఆ తల్లి ధైర్యానికి సత్యవతి లోపలికెళ్ళి ఏడ్చింది.

బస్సెక్కించి వచ్చేసరికి చీకటి పడింది. సత్యవతి నీళ్ళు కాచి బకెట్లో పోస్తే, వీర్రాజు కాలు పెట్టబోయాడు. ఎప్పుడొచ్చారో, వెనకాల మామగారు నిలబడి ఉన్నారు.

"ఆగరా. చేత్తో చూడు ముందు."

వీర్రాజు చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు.

"ఎన్ని వేళ్ళకి తెలియట్లేదు?"

"ఎడమ కాలికి రెండు. కుడికి ఒకటి."

వచ్చిన దగ్గర్నుంచీ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అది. ముసలాయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "సత్యవతీ, చన్నీళ్ళు ఒక చెంబు కలుపమ్మా," అని, కొడుకు ఎడమ కాలు తన మోకాలి మీదకి తీసుకున్నారు.