తుఫాను నష్టంపై తుది సర్వే నివేదిక: నిర్మాణంలో ఉన్న ఇల్లు, గోరంట్ల, గుంటూరు

తేదీ: 18 డిసెంబర్ 2023
పాలసీ: కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్, యజమాని, కాంట్రాక్టర్ ఉమ్మడి పేర్లతో
బీమా మొత్తం: రూ. 62,00,000
క్లెయిమ్ చేసిన మొత్తం: రూ. 3,68,000

బ్రాంచ్ మేనేజర్ గారికి,

మీ ఆదేశం మేరకు డిసెంబర్ 7న, మళ్లీ 12న సైట్‌ను పరిశీలించాను. రెండుసార్లూ యజమాని, కాంట్రాక్టర్, సెంట్రింగ్ మేస్త్రీ దగ్గరే ఉన్నారు.

ఇది జీ ప్లస్ 2 ఇల్లు, అంతస్తుకు 1,150 చదరపు అడుగులు. రెండు స్లాబ్‌లు పూర్తయ్యాయి. మూడో స్లాబ్‌కు సెంట్రింగ్ కొట్టి ఐరన్ కట్టారు, కాంక్రీట్ పోయలేదు. మొదటి అంతస్తు తూర్పు గోడ లింటెల్ ఎత్తు దాటి లేచింది, పైన బీముకు ఇంకా కలపలేదు.

నష్టానికి కారణం

మిచాంగ్ తీవ్ర తుఫాను డిసెంబర్ 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఈదురుగాలి 110 దాకా ఉంది. అది తీరం దగ్గరి వేగం, గోరంట్లలో అంతే వీచిందని నేను అనడం లేదు. సైట్‌లో కనిపించినదాన్నిబట్టే నిర్ణయానికి వచ్చాను. తూర్పు గోడ మొత్తం ఒకే వరసగా పడమటికి, లోపలి వైపుకు పడింది. పునాది కుంగినా, మాలు పని చేయకపోయినా గోడ పగుళ్లిచ్చి అక్కడక్కడా కూలేది. గోడ అడుగు వరస చెక్కుచెదరలేదు. కూలిన సెంట్రింగ్ కూడా పడమటికే ఒరిగింది. కాబట్టి అసలు కారణం తుఫాను గాలే, పాలసీ పరిధిలోకి వస్తుంది.

ఒక విషయం కాంట్రాక్టర్‌కు అనుకూలంగా రాయాలి. స్లాబ్ 4వ తేదీన పోయాల్సి ఉండగా, తుఫాను హెచ్చరిక చూసి ఆపేశారు. పచ్చి కాంక్రీట్ బరువుతో సెంట్రింగ్ కూలి ఉంటే ఈ క్లెయిమ్ ఎన్నో రెట్లు ఉండేది, మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది. జాగ్రత్త తీసుకోలేదనే అభ్యంతరానికి ఇక్కడ తావు లేదు.

నష్టం ఎంత

సెంట్రింగ్ 520 చదరపు అడుగుల మేర కూలింది. అందులో 140 అడుగుల భాగంలో సరుగుడు కర్రలకు అడ్డకట్లు లేవు; మిగిలి నిలబడ్డ భాగంలో ఉన్నాయి. ఇది పనిలో లోపం. లోపమున్న ఆ భాగం మళ్లీ కట్టే ఖర్చును పాలసీ భరించదు. అయితే దానివల్ల సరిగా కట్టిన ఐరన్‌కు జరిగిన నష్టం చెల్లుతుంది, దాన్ని తీసేయలేదు.

పిల్లర్లకు గుండు వేలాడదీసి చూశాను, ఒరగలేదు. కింది స్లాబ్ మీద అంచుల్లో కొద్దిగా పెచ్చులు లేచాయి తప్ప పగుళ్లు లేవు. పిల్లర్లు మళ్లీ కట్టాలంటూ అడిగిన రూ. 1,20,000 అందుకే ఇవ్వలేను.

సిమెంట్ 66 బస్తాలు పోయాయన్నారు. బిల్లు ప్రకారం వచ్చినవి 100, సైట్ పుస్తకంలో వాడినవి 40. మిగిలిన 60లో గట్టిపడినవి 46 లెక్కపెట్టాను.

సంపు గుంత నల్లరేగడిలో తవ్వారు, వాననీటికి గట్లు జారాయి. మట్టి తీయడానికి, నీరు తోడడానికి అయ్యే ఖర్చు న్యాయమే. ముందు లేని చెక్కల ఆసరా కొత్తగా వేయడానికి అడిగిన రూ. 18,000 మాత్రం చెల్లదు. కాంట్రాక్టర్ సొంత కర్రలు, షీట్లు కూడా పాలసీ షెడ్యూల్‌లో లేవు.

మరమ్మతు ఖర్చు

సెంట్రింగ్, 520 చ.అ., రూ. 55 చొప్పున: 28,600
పనికిరాని ఐరన్, 380 కిలోలు, రూ. 62 చొప్పున: 23,560
1,500 కిలోల ఐరన్ సరిచేసి కట్టే కూలి, రూ. 10 చొప్పున: 15,000
తొమ్మిదంగుళాల గోడ, 256 చ.అ., రూ. 145 చొప్పున: 37,120
సిమెంట్, 46 బస్తాలు, రూ. 370 చొప్పున: 17,020
సంపు మట్టి, నీరు: 9,500
శిథిలాల తరలింపు, 8 ట్రాక్టర్లు, రూ. 1,400 చొప్పున: 11,200
మొత్తం: 1,42,000

తీసివేతలు: అడ్డకట్లు లేని సెంట్రింగ్ 7,700, పాత ఐరన్ విలువ 11,400, పనికొచ్చే 900 ఇటుకలు 6,300, ప్రకృతి విపత్తులకు పాలసీలో ఉన్న ఎక్సెస్ 25,000.

చెల్లించదగిన నికర మొత్తం: రూ. 91,600 (తొంభై ఒక్క వేల ఆరు వందల రూపాయలు).

ధరలు గుంటూరులో ఇద్దరు డీలర్ల దగ్గర, ఇద్దరు మేస్త్రీల దగ్గర అడిగి సరిచూసినవి. బీమా మొత్తం నిర్మాణ విలువకు సరిపోయింది, తక్కువ బీమా కోత అవసరం లేదు.

కట్టిన ఐరన్ వానకు తడిసి బయటే ఉంది. ఆలస్యమైన కొద్దీ తుప్పు పట్టి యజమానికి కొత్త నష్టం వస్తుంది, దాన్ని ఈ క్లెయిమ్‌లో చేర్చలేం. అందువల్ల పై మొత్తాన్ని వెంటనే విడుదల చేయాలని, స్లాబ్ పోసేముందు అడ్డకట్లు పూర్తయ్యాయని ఇంజనీరు సంతకంతో ధ్రువపత్రం తీసుకోవాలని సిఫార్సు చేస్తున్నాను. ఫొటోలు, బిల్లులు, సైట్ పుస్తకం నకళ్లు జతచేశాను.

హక్కులకు భంగం లేకుండా సమర్పించడమైనది.

లైసెన్సు పొందిన సర్వేయర్, నష్ట నిర్ధారకుడు
గుంటూరు